ప్లేస్‌మెంట్ల ప్రెస్ నోట్ యాడ్‌లా కాకుండా వార్తలా రాయాలంటే?

ప్రశ్న: ఓ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఈ ఏడాది మీడియా కోఆర్డినేటర్ పని కూడా నా మీద పెట్టారు. ప్లేస్‌మెంట్ల మీద ప్రెస్ నోట్ పంపితే ఒక్క పేపర్లోనూ రాలేదు. ఒక రిపోర్టర్ అయితే "ఇది యాడ్ కదా సార్, యాడ్స్ వాళ్లకి ఇవ్వండి" అన్నాడు. మొదటి పేరా ఇది: "విద్యారంగంలో అగ్రగామిగా వెలుగొందుతున్న మా ప్రతిష్ఠాత్మక కళాశాల, దార్శనికులైన గౌరవ చైర్మన్ గారి సారథ్యంలో 100 శాతానికి పైగా ప్లేస్‌మెంట్లతో, 612 ఉద్యోగాలతో, రూ.21 లక్షల అత్యధిక ప్యాకేజీతో ప్రభంజనం సృష్టించింది." విశేషణాలు తీసేస్తే సరిపోతుందా?

సమాధానం:

సరిపోదండి. ఒకసారి ప్రయత్నించి చూడండి. అగ్రగామి, ప్రతిష్ఠాత్మక, దార్శనికులు, ప్రభంజనం అన్నీ కొట్టేస్తే మిగిలేది "మా కళాశాల 100 శాతానికి పైగా ప్లేస్‌మెంట్లతో 612 ఉద్యోగాలు సాధించింది". చదవడానికి సాదాగానే ఉంది. కానీ రిపోర్టర్ నమ్మనిది ఈ వాక్యాన్నే. ఉన్న పిల్లలకంటే ఎక్కువ మందికి ఉద్యోగాలు ఎలా వచ్చాయని అతని మొదటి డౌటు. దానికి మీ నోట్‌లో జవాబు లేదు.

నేను ఒక దినపత్రిక జిల్లా డెస్క్‌లో కొన్నేళ్లు సబ్ ఎడిటర్‌గా చేసి, ఆ తర్వాత ఒక విద్యాసంస్థలో ఇప్పుడు మీరు చేస్తున్న పనే చేశాను. డెస్క్‌లో ఉన్నవాడికి పొగడ్తలు పెద్ద ఇబ్బంది కాదు, అర నిమిషంలో కొట్టేస్తాడు. అంకె తప్పని మర్నాడు ఎవరైనా ఫోన్ చేస్తే దానికి జవాబు చెప్పాల్సింది మాత్రం అతనే. అందుకే మీ నోట్ బాగు చేయడం కీబోర్డు దగ్గర మొదలవదు. మీ ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్ ఆఫీసర్, అంటే టీపీవో గారి ఎక్సెల్ షీట్ దగ్గర మొదలవుతుంది.

ఆ షీట్ ముందు పెట్టుకుని నాలుగు అంకెలు విడివిడిగా తీయండి. చివరి సంవత్సరంలో మొత్తం ఎంతమంది, వాళ్లలో ప్లేస్‌మెంట్లకు నమోదు చేసుకున్న అర్హులు ఎంతమంది, కనీసం ఒక ఆఫర్ వచ్చినవాళ్లు ఎంతమంది, వచ్చిన ఆఫర్లు ఎన్ని. మీ 612, 21 లక్షలు అలాగే ఉంచి, మిగతావి ఉదాహరణ కోసం నేను ఊహించి చెబుతున్నాను. మొత్తం 540 మంది. బ్యాక్‌లాగులు ఉన్నవాళ్లూ, పైచదువులకు వెళ్తామన్నవాళ్లూ పోగా అర్హులు 418. కనీసం ఒక ఆఫర్ వచ్చినవాళ్లు 331. ఒకే అమ్మాయికి మూడు కంపెనీలు లెటర్ ఇస్తే మూడూ లెక్కేస్తారు కాబట్టి ఆఫర్లు 612.

మీ 100 శాతం ఎక్కడినుంచి ఊడిపడిందో ఇప్పుడు కనిపిస్తోంది కదా. 612ను 540తో భాగిస్తే 113 శాతం. ఆఫర్లను మనుషుల సంఖ్యతో భాగించారన్నమాట. ఇది మీ ఒక్క కాలేజీలో జరిగేది కాదు, చాలాచోట్ల ఇదే లెక్క. అసలు లెక్క 418 మందిలో 331, అంటే 79 శాతం. 540 మందిలో తీస్తే 61 శాతం. రెండూ నిజాలే. నోట్‌లో 79 అని రాయండి, అయితే అది ఎవరిలో 79 శాతమో అదే వాక్యంలోనో పక్క వాక్యంలోనో చెప్పండి. మొత్తం 540 అన్న అంకెను కూడా దాచకండి. రిపోర్టర్‌కి కావాలంటే తనే 61 తీసుకుంటాడు. దాచిపెట్టారని అతనికి అనిపించకపోవడమే ఇక్కడ ముఖ్యం.

దాచినా దాగదు కూడా. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగుకు దరఖాస్తు చేసిన ప్రతి సంస్థా తాను ఇచ్చిన వివరాల పీడీఎఫ్‌ను తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. గడువులోగా పట్టా పొందినవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఉద్యోగాలు వచ్చినవాళ్లు ఎంతమంది, వాళ్ల మధ్యస్థ వేతనం ఎంత, పైచదువులకు ఎంతమంది వెళ్లారు అన్నీ బ్యాచ్‌ల వారీగా అందులో ఉంటాయి. ఎడ్యుకేషన్ బీట్ చూసే రిపోర్టర్‌కి ఈ సంగతి తెలుసు. మీ నోట్‌లో గత ఏడాది 368 మందికి ఆఫర్లని రాశారనుకోండి, ఆ బ్యాచ్‌కి మీ పీడీఎఫ్‌లో వేరే అంకె ఉంటే, ఆ తేడా ఎందుకొచ్చిందో మీ దగ్గర జవాబు ఉండాలి. తేడాకి న్యాయమైన కారణాలు ఉండొచ్చు. అక్కడ పట్టా పొందినవాళ్లనే లెక్కిస్తారు, మీరు ఆఫర్ వచ్చిన అందరినీ లెక్కించారు. నోట్ పంపే ముందు ఆ పీడీఎఫ్ తెరిచి సరిచూసుకోవడానికి పావుగంట చాలు.

"ఉద్యోగాలు" అన్న మాట కూడా మార్చాలి. మీ దగ్గర ఉన్నవి ఆఫర్ లెటర్లు. చేతిలో లెటర్ ఉండీ జాయినింగ్ తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూసిన 2022 బ్యాచ్ పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వాళ్ల తల్లిదండ్రులు పేపర్ చదువుతారు. "ఆఫర్లు లభించాయి", "ఎంపికయ్యారు" అని రాస్తే నిజానికి లోబడి ఉన్నట్టు. ఇంటర్న్‌షిప్ పూర్తిచేశాకే ఉద్యోగం ఖాయమయ్యే ఆఫర్లు ఎక్కువగా ఉంటే అదీ ఒక వాక్యంలో చెప్పాలి.

ఇక ఆ 21 లక్షలు. అది రాయొద్దని అనను. పేపర్లకీ అది ఇష్టమే. కానీ ఒక్కటే పెడితే అది యాడ్ వాసన కొడుతుంది. పక్కన మధ్యస్థ వేతనం పెట్టండి. ఎంపికైనవాళ్ల వేతనాలను వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది అది. ఒక విద్యార్థికి మూడు ఆఫర్లుంటే వాటిలో ఒప్పుకున్న ఒక్కదాన్నే తీసుకోవాలి, లేదంటే మంచి విద్యార్థులు మూడుసార్లు లెక్కలోకి వచ్చి అంకె పైకి జరుగుతుంది. మన ఉదాహరణలో అది రూ.4.2 లక్షలు అనుకుందాం. తమ పిల్లాణ్ని చేర్పించాలా వద్దా అని ఆలోచించే తండ్రికి పనికొచ్చే అంకె అదే, రిపోర్టర్‌కి ఆ విషయం తెలుసు. ఇంకొకటి, ప్యాకేజీ అంటే సీటీసీ, ఒక ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. అందులో జాయినింగ్ బోనస్, పనితీరును బట్టి ఇచ్చే మొత్తం, ఒక్కోసారి షేర్లు కూడా కలిసి ఉంటాయి. "ఆఫర్ లెటర్లలో పేర్కొన్న సీటీసీ" అని రాస్తే చాలు, నెల జీతం ఎంతని ఎవరూ మిమ్మల్ని నిలదీయరు.

అంకెలు సరైతే నమ్మకం వస్తుంది గానీ వార్త రాదు. ఒక కాలేజీలో కొంతమందికి ఆఫర్లు రావడం ఏటా జరిగేదే. వార్త కావాలంటే ఏదో ఒకటి మారి ఉండాలి, అది తెలియడానికి గత ఏడాది షీట్ కూడా తెరవాలి. ఉదాహరణలో గత ఏడాది అర్హులు 430, ఆఫర్ వచ్చినవాళ్లు 368. అంటే 86 శాతం నుంచి 79కి పడింది. ఇది చూడగానే మేనేజ్‌మెంట్ ఈ పేరా తీసేయమంటుంది. ఆగి బ్రాంచీల వారీగా చూడండి. తగ్గుదలంతా ఐటీ సేవల కంపెనీలు తీసుకున్నవాళ్లలోనే ఉండొచ్చు. అదే సమయంలో మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ పిల్లల్లో తమ బ్రాంచికి చెందిన కంపెనీలకే వెళ్లినవాళ్లు 31 నుంచి 58 అయ్యారనుకోండి. వార్త అక్కడుంది. సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌కి పోవడమే మామూలైన చోట ఇది ఎవరైనా చదివే విషయం.

అయితే ఒక జాగ్రత్త. 31 నుంచి 58 అనగానే దాదాపు రెట్టింపు అని హెడ్డింగు పెట్టేయకండి. ఆ మూడు బ్రాంచీల్లో అర్హులు గత ఏడాది 65 మందే ఉండి ఈసారి 120 అయితే, నిష్పత్తి ఉన్నచోటే ఉంది, సెక్షన్లు పెరిగాయంతే. గత ఏడాది 117, ఈసారి 120 అయితే నిజంగానే పెరిగినట్టు. ఈ రెండో సందర్భమే మనదని అనుకుని ముందుకెళ్దాం.

తగ్గుదలను రెండో పేరాలో మనమే చెప్పేయాలన్నది నా గట్టి అభిప్రాయం. తగ్గిందని మనం చెప్పినప్పుడే పెరిగిందన్న మాటకు విలువ వస్తుంది. కాకపోతే ఎందుకు తగ్గిందన్నది అంకె కాదు, ఒకరి అంచనా. దాన్ని సంస్థ మాటగా రాయకూడదు. షీట్ చూసే మనిషి, అంటే టీపీవో గారు చెప్పినట్టు రాయాలి. అంకెలను నేరుగా చెప్పండి, అంచనాలూ అభిప్రాయాలూ ఒక మనిషి నోటితో చెప్పించండి. నోట్ మొత్తానికీ ఇదే పద్ధతి పెట్టుకుంటే సగం పని అయిపోతుంది.

చెప్పించేటప్పుడు క్రియ కూడా చూసుకోండి. "చెప్పారు", "తెలిపారు", "వివరించారు" ఎక్కడైనా నిలుస్తాయి. "వెల్లడించారు" అనాలంటే అప్పటిదాకా బయటికి రాని సంగతి ఉండాలి. "ఉద్ఘాటించారు", "కొనియాడారు", "హర్షం వ్యక్తం చేశారు" కనిపిస్తే డెస్క్ చెయ్యి డిలీట్ మీదికి పోతుంది. పేర్ల ముందు శ్రీ, గౌరవ, పేర్ల తర్వాత గారు కూడా వద్దు. పత్రికలు ఎలాగూ తీసేస్తాయి. "చెప్పారు"లో ఉన్న గౌరవం చాలు. "మా కళాశాల" అని కాకుండా సంస్థ పూర్తి పేరు, ఆ తర్వాత "కళాశాల" అని రాయండి. "మా" అన్నచోట రాసేది మీరు, "కళాశాల" అన్నచోట రాసేది పత్రిక. మీ వాక్యం కోతలేకుండా పేజీలోకి వెళ్లాలంటే పత్రిక గొంతులోనే ఉండాలి.

ఇవన్నీ కలిపి రాస్తే నోట్ ఇలా వస్తుంది:

> ప్రాంగణ నియామకాల్లో 331 మందికి ఆఫర్లు
> కోర్ బ్రాంచీల్లో 31 నుంచి 58కి పెరిగిన ఎంపికలు
>
> (ఊరు), (తేదీ): (కళాశాల పేరు)లో ఈ విద్యా సంవత్సరం మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ బ్రాంచీల విద్యార్థులు 58 మంది తమ కోర్సుకు చెందిన తయారీ, విద్యుత్, నిర్మాణ రంగ సంస్థలకు ఎంపికయ్యారు. గత ఏడాది ఈ సంఖ్య 31. ఈ బ్రాంచీల నుంచి నియామకాలకు అర్హులైనవారు గత ఏడాది 117 మంది, ఈసారి 120 మంది.
>
> అన్ని బ్రాంచీల్లో కలిపి 331 మందికి కనీసం ఒక ఆఫర్ లభించింది. నియామకాలకు నమోదు చేసుకున్న 418 మంది అర్హుల్లో ఇది 79 శాతం. గత ఏడాది 430 మందిలో 368 మందికి (86 శాతం) ఆఫర్లు వచ్చాయి. ఐటీ సేవల సంస్థలు ఈసారి తక్కువ మందిని తీసుకోవడం వల్లే మొత్తం సంఖ్య తగ్గిందని ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్ ఆఫీసర్ (పేరు) చెప్పారు. బీటెక్ చివరి సంవత్సరంలో మొత్తం 540 మంది విద్యార్థులు ఉన్నారు.
>
> కొందరికి ఒకటి కంటే ఎక్కువ అవకాశాలు రావడంతో మొత్తం ఆఫర్లు 612కు చేరాయి. ఎంపికైనవారి మధ్యస్థ వార్షిక వేతనం రూ.4.2 లక్షలు. అత్యధికంగా ఒక విద్యార్థికి రూ.21 లక్షల ఆఫర్ లభించింది. ఇవి ఆఫర్ లెటర్లలో పేర్కొన్న సీటీసీ మొత్తాలు.
>
> కోర్ బ్రాంచీల విద్యార్థులను వచ్చే ఏడాది నుంచి రెండో సంవత్సరంలోనే పరిశ్రమల్లో ఇంటర్న్‌షిప్‌కు పంపనున్నట్లు కళాశాల చైర్మన్ (పేరు) తెలిపారు.
>
> ఈ వివరాలు (తేదీ) నాటివి.

పోయినవాటికంటే కొత్తగా వచ్చినవే ఎక్కువ ఉన్నాయి చూడండి. చైర్మన్ గారు కూడా ఎక్కడికీ పోలేదు. ఆయన దార్శనికత గురించిన మాట తీసి, ఆయన తీసుకున్న నిర్ణయం పెట్టాం. ఆ నిర్ణయం ఆయన నిజంగా తీసుకుని ఉండాలి సుమా. ఏమీ లేకపోతే చైర్మన్ పేరా లేకుండానే నోట్ పంపండి. కొటేషన్ కావాలని పట్టుబడితే ఆయన్నే అడిగి ఆయన మాటల్లోనే తీసుకోండి. మనం కూర్చుని రాసిన కొటేషన్లో పిల్లలు "ఉజ్వల భవిష్యత్తు వైపు అడుగులు" వేస్తూనే ఉంటారు.

ఈ నోట్ పైకి సంతకానికి వెళ్లినప్పుడు గొడవ 86 నుంచి 79 అన్న దగ్గరే వస్తుంది. నేనైతే రెండు ప్రతులు తీసుకెళ్తాను, ఒకటి ఆ వాక్యంతో, ఒకటి లేకుండా. వాక్యం లేని ప్రతి చూసి రిపోర్టర్ "గత ఏడాది ఎంత సార్?" అని అడిగితే ఏం చెబుదామని అడుగుతాను. చాలామంది చైర్మన్లు వ్యాపారం చేసి పైకి వచ్చినవాళ్లు, ఈ ప్రశ్న వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. అయినా ఒప్పుకోకపోతే గత ఏడాది మొత్తం అంకె తీసేయండి, కానీ అప్పుడు కోర్ బ్రాంచీల పోలిక కూడా తీసేయాలి. పెరిగినచోట మాత్రమే పోల్చడం అంటే మళ్లీ యాడ్ దగ్గరికే వచ్చామన్నమాట. ఆ నోట్ సింగిల్ కాలమ్‌లో వస్తే రావచ్చు, అంతకంటే ఆశించొద్దు.

నోట్ చివర సంస్థ పరిచయం పెడతారు కదా, తప్పులు దొర్లేది ఎక్కువగా అక్కడే. నాక్ గుర్తింపు సంస్థకి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు కోర్సులకి ఇస్తారు. "ఎన్‌బీఏ గుర్తింపు పొందిన కళాశాల" అని రాయకుండా ఏ బ్రాంచీలకు ఉందో, ఎప్పటివరకు ఉందో రాయండి. ఎన్ఐఆర్ఎఫ్‌లో బ్యాండ్ వస్తే బ్యాండ్ అనే చెప్పాలి. 151–200 బ్యాండ్‌లో ఉన్న కాలేజీ "151వ ర్యాంకు" అని రాసుకోవడం చూశాను. దరఖాస్తు చేసినంత మాత్రాన "ఎన్ఐఆర్ఎఫ్‌లో స్థానం" అనేవాళ్లూ ఉన్నారు. స్థాపించిన సంవత్సరం, అనుబంధ విశ్వవిద్యాలయం, స్వయంప్రతిపత్తి ఉంటే అది, నాక్ గ్రేడు గడువుతో సహా. ఇవి మూడు వాక్యాల్లో అయిపోతాయి.

21 లక్షల ఆఫర్ వచ్చిన విద్యార్థి పేరు, ఊరు అడుగుతారు. ఊరి పేరుంటే మండలం పేజీలో వేసుకోవచ్చని వాళ్ల ఆశ. ఆ విద్యార్థి సరేనంటేనే ఇవ్వండి. ఆ కంపెనీ పేరు బయటపెట్టొచ్చో లేదో ఆఫర్ లెటర్ షరతుల్లో చూడండి, లేదా వాళ్ల హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి అడగండి. వేతన వివరాలు బయట చెప్పకూడదని షరతు పెట్టే సంస్థలు ఉన్నాయి.

పంపేటప్పుడు మెయిల్‌లోనే యూనికోడ్ తెలుగులో మ్యాటర్ పేస్ట్ చేయండి. అను ఫాంట్లలో టైపు చేసిన ఫైలో, లెటర్‌హెడ్ ఫొటోనో పంపితే డెస్క్‌లో ఎవరో మళ్లీ టైపు చేయాలి, సాయంత్రం హడావుడిలో ఎవరూ చేయరు. వాట్సాప్‌లో రిపోర్టర్‌కి కూడా అదే టెక్స్ట్ పెట్టండి. ఫొటో విడిగా, కింద ఎడమ నుంచి ఎవరెవరో రాసి పంపాలి. జ్యోతి వెలిగించే ఫొటో కంటే పిల్లలు ఉన్న ఫొటో మేలు. మధ్యాహ్నం 3 లోపు అందేలా చూడండి, కింద ఇచ్చే ఫోన్ నంబరు సాయంత్రం పూట ఎత్తే మనిషిదై ఉండాలి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో మాత్రం ఎంత సాదాగా రాసినా ప్లేస్‌మెంట్ నోట్‌ని యాడ్ లాగే చూస్తారు. నియామకాల సీజన్ ముగిసిన వెంటనే పంపేయడం మంచిది. కొన్నిచోట్ల యాడ్ ఇస్తేనే వార్త అనే పరిస్థితి కూడా ఉంది. అక్కడ రాత ఎంత బాగున్నా పనిచేయదు. దానికి నోట్‌ని తప్పుపట్టి మళ్లీ పొగడ్తలు చేర్చకండి.

పంపాక ఏ కంపెనీ అయినా ఆఫర్లు వెనక్కి తీసుకుంటే, లేదా ఇంకో డ్రైవ్‌లో కొందరు ఎంపికైతే, 331 మారుతుంది. "నాటివి" అన్న ఆ చివరి వాక్యం అందుకే పెట్టాం. వార్త వచ్చాక కొత్తగా ఇద్దరు ముగ్గురు చేరితే ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు. ఇరవై ఆఫర్లు రద్దయితే మాత్రం వార్త వేసిన ప్రతి రిపోర్టర్‌కీ పాత అంకె, కొత్త అంకె, కారణం మూడు వాక్యాల్లో రాసి ఆరోజే పంపండి, వెబ్‌సైట్‌లో పెట్టిన నోట్‌లోనూ మార్చి, మార్చిన తేదీ వేయండి.